మీ పోస్టు పెండింగ్‌లో ఎందుకుందంటే

"అన్నా, మా పోస్టు ఇంకా అప్రూవ్ కాలేదేంటి?" అని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడుగుతున్నారు. చల్లపల్లి నుంచి ఈ గ్రూపు చూసేది మేం నలుగురం, అదీ రాత్రిపూట. ఏది ముందు చూస్తామో చెప్తాం.

వచ్చిన వరసలో చూస్తే ప్రమాదం. మొన్న రాత్రి హీరోల గొడవ మీద 12 రిపోర్టులు వచ్చాయి. వాటి తర్వాత ఒకే ఒక్క రిపోర్టు: ఒక చెల్లి ఫొటో, ఫోన్ నంబరు ఎవరో పెట్టేశారు. రిపోర్టుల లెక్క జనం కోపాన్ని చూపిస్తుంది గానీ జరిగే నష్టాన్ని చూపించదు. అందుకే ముందు నంబరు పోస్టు తీసేశాం. తీసేముందు లింకు, టైము, స్క్రీన్‌షాట్ దాచాం, ఆ అమ్మాయి కంప్లైంట్ ఇస్తానంటే కావాలి కదా. నకిలీ జ్ఞానభూమి లింకులు పెట్టి ఓటీపీ అడిగేవీ ఇదే మెట్టు. (డబ్బు పోతే మాకు మెసేజ్ పెట్టి కూర్చోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి.)

అలాగని తీవ్రత ఒక్కటే చూస్తే మామూలు పోస్టులు అడుగునే ఉండిపోతాయి. పైన రోజూ ఏదో గొడవ ఉంటుంది మరి. అదే రాత్రి కుల సర్టిఫికెట్ గురించి ఒకరు అడిగిన పోస్టు మూడో రోజుకొచ్చింది, అప్లికేషన్‌కి మర్నాడే ఆఖరు. 48 గంటలు దాటింది ఒక మెట్టు పైకెక్కుతుంది కాబట్టి హీరోల గొడవ కన్నా ముందే అది చూశాం. ఎంత పాతదైనా నంబరు లీకును మాత్రం దాటదు.

ఒక చిక్కుంది. పోస్టు వయసు మాకు కనిపిస్తుంది, మీ గడువు కనిపించదు. ఆఖరు తేదీ ఉంటే మొదటి లైన్లోనే రాయండి.