కాటా చీటీలో ఎనిమిదా, సున్నానా?

డోన్ చుట్టుపక్కల రాళ్ళ వ్యాపారం చేసేవాళ్ళ ఇంట్లో కాటా చీటీలు కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. లోడు లారీ బరువు, ఖాళీ లారీ బరువు, రెంటికీ తేడా, మూడు అంకెలు. అంతే చీటీ! టన్నుకింత అని కిరాయి లెక్క తేలేది ఆ మూడో అంకె మీదే. మా మామ దగ్గర రెండేళ్ళ చీటీలున్నాయి, రావలసిన కిరాయి బాకీ ఉంది, చీటీలేమో వెలిసిపోయాయి. "అల్లుడా, నీ కంప్యూటరుతో చదివించి లెక్క తీయ్" అన్నాడు.

స్కాన్ చేసి టెసెరాక్ట్‌కి ఇస్తే చెత్త వచ్చింది. కారణం చిన్నదే. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు అంకెను గీయదు, పొడుస్తుంది. తొమ్మిది పిన్నుల ప్రింటరులో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అంగుళంలో 72వ వంతు. 300 డీపీఐ స్కాన్‌లో అది నాలుగు పిక్సెళ్ళ పైచిలుకు. రిబ్బను కొత్తగా ఉంటే చుక్కలు ఒకదాన్నొకటి తాకుతాయి. రిబ్బను ఎండిపోతే చుక్క రెండు పిక్సెళ్ళకు కుంచించుకుపోయి, మధ్యలో రెండు పిక్సెళ్ళ తెలుపు మిగులుతుంది. మన కంటికి అది 8, ప్రోగ్రాముకి పదిహేడు ఈగలు :)

కాబట్టి ముందు చుక్కల్ని కలపాలి. దీనికి క్లోజింగ్ అనే పాత చిట్కా ఉంది:

```
k = cv2.getStructuringElement(cv2.MORPH_RECT, (5, 5))
ink = cv2.morphologyEx(255 - gray, cv2.MORPH_CLOSE, k)
```

5 అని ఊరికే పెట్టలేదు. పక్కపక్క చుక్కల మధ్య ఖాళీ రెండు మూడు పిక్సెళ్ళు, అది పూడాలి. మధ్యలో ఒక చుక్క కావాలనే వదిలేసిన చోట ఖాళీ ఆరు దాకా ఉంటుంది, అది పూడకూడదు. ఐదు ఈ రెంటి మధ్యా ఇముడుతుంది. ఇంకా పెంచుకుంటూ పోతే 5, 6 నోళ్ళు మూసుకుని అన్నీ 8 లాగా తయారవుతాయి. స్కాన్ 600 డీపీఐ అయితే ఈ లెక్క మొత్తం రెట్టింపు చేసుకోవాలి.

మరీ వెలిసిన చీటీలకు ఇంకో దారి ఉంది. ఈ ప్రింటరు కాగితాన్ని గుద్దుతుంది కదా, సిరా పోయినా సొట్ట మిగులుతుంది. గదిలో దీపం ఆర్పి, టార్చిని పక్కనుంచి దాదాపు కాగితానికి ఆనించినట్టు పట్టుకుని ఫోటో తీస్తే అంకె నీడల్లో కనిపిస్తుంది. థర్మల్ రసీదుల్లో సొట్టలుండవు కాబట్టి వాటికిది పనికిరాదు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు తలనొప్పి ఒక కట్ట దగ్గర మొదలైంది. ఆ చీటీల్లో అన్ని అక్షరాల నడుమా ఒకే ఎత్తులో సన్నటి తెల్ల గీత. రిబ్బను ఎండితే అంకె పై నుంచి కింది దాకా ఒకేలా పాలిపోతుంది. ఇలా గీత పడిందంటే ఒక పిన్ను చచ్చిపోయిందని అర్థం. ఇక్కడ పోయింది నాలుగోది. ఏడు వరసల అంకెలో 8కీ (అడ్డగీత లేని) 0కీ తేడా అంతా ఆ నాలుగో వరసలోనే ఉంది. అది తీసేస్తే రెండూ అచ్చంగా ఒకటే! పిన్ను గుద్దలేదు కాబట్టి సొట్టా లేదు. కాగితం మీద లేనిదాన్ని ఏ ఫిల్టరూ తేలేదు.

ఇక మిగిలింది తీసివేత. అనుమానం ఉన్న చోటల్లా 8, 0 రెండూ పెట్టి ఏవి లెక్కకు సరిపోతాయో చూడాలి. ఒక చీటీ ఇలా ఉంది: లోడు 2?460, ఖాళీ 9?40, నికరం 1?620. ఆ కాటా పదేసి కిలోలే చూపిస్తుంది కాబట్టి చివరి అంకె సున్నాయే, దాంతో గొడవ లేదు. ఖాళీ బరువు 9040 అనుకుంటే లెక్క ఏ రకంగానూ కుదరదు, కాబట్టి 9840. కానీ మిగతా రెంటి సంగతి చూడండి:

```
28460 - 9840 = 18620
20460 - 9840 = 10620
```

రెండూ కుదిరాయి! పై అంకె, కింది అంకె ఒకే స్థానంలో, ఒకే రకంగా చెడితే తీసివేత పట్టుకోలేదు. తేడా చూస్తే ఎనిమిది టన్నులు. అంటే "లెక్క సరిపోయింది" అన్నది ఒక్కటే చాలదు, ఇంకే జవాబుకీ సరిపోలేదని కూడా తేలాలి. ప్రోగ్రాముకి అదే నియమం పెట్టాను. ఒకే జవాబు మిగిలితే తీసుకుంటుంది, రెండు మిగిలితే చీటీని పక్కన పెడుతుంది.

అదే లారీ, అదే క్వారీ నుంచి మిగతా చీటీల్లో నికరం పద్దెనిమిది టన్నులకు అటూ ఇటూగానే ఉంది. నాకైతే ఇది 18620 అనే అనిపిస్తుంది, కానీ అనిపించడం మీద బాకీ అడగలేం కదా. తేదీల వారీగా పేర్చి చూస్తే తెల్ల గీత ఒక వారం చీటీల్లోనే ఉంది, తర్వాత రిపేరు చేయించినట్టున్నారు. ఆ వారంలో తేలనివి పదకొండు చీటీలు. "కాటా వాని కంప్యూటర్లో ఉంటాది లే, పోయి అడుగుతా" అని మామ బండి తీశాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. తొమ్మిదింటికి లెక్క దొరికిందట. రెండు మాత్రం ఆ రోజు కరెంటు పోయి కంప్యూటర్లో ఎక్కనే లేదట. ఆ రెంటినీ జాబితాలో చిన్న అంకెతోనే వేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.