తప్పు కోడ్‌ది కాదు

తుక్కుగూడలో ఒక ఆదివారం పిల్లలతో ఆర్డునో కిట్ కార్లు చేయించా. ఏడో తరగతి పాప కారు నేల మీద పెడితే ఆగిపోతోంది, చేత్తో పైకెత్తితే చక్రాలు తిరుగుతున్నాయి. "కోడ్ మళ్లీ చూసుకోమ్మా" అన్నా. పాపం, మూడుసార్లు రాసింది. ఏడుపు ఒక్కటే తక్కువ.

అప్పుడు చూశా. కారు కదలబోయిన ప్రతిసారీ బోర్డు మీద లైటు ఆరి మళ్లీ వెలుగుతోంది. అంటే బోర్డు రీస్టార్ట్ అవుతోంది! మల్టీమీటర్ పెట్టాం. ఊరికే ఉన్నప్పుడు 9 వోల్టులు చూపించే కిట్ బ్యాటరీ, మోటార్లు లాగగానే 5 కిందికి పడిపోయింది. కారు బరువును కదిలించేంత కరెంటు ఆ చిన్న డబ్బా ఇవ్వలేదు. గాల్లో బరువు లేదు కాబట్టి తిరిగింది.

మోటార్లకి విడిగా నాలుగు పెన్సిల్ సెల్స్ పెట్టాం, రెండు బ్యాటరీల నెగటివ్ వైర్లు కలిపాం. తను మొదట రాసిన కోడే ఎక్కించాం. కారు తలుపు దాకా వెళ్లింది.

"సార్, మరి నాతో మూడుసార్లు ఎందుకు రాయించారు?"