అంటరాని'తనం' ఎవరి తనం?



ఈసారి ఒకే మాట గురించి రాస్తున్నాను. 'అంటరానితనం' అనే మాటను ముక్కలు చేసి చూద్దాం.

మొదటి ముక్క 'అంటు'. ముట్టుకోవడం అని అర్థం. అది క్రియ, కాబట్టి దాని వెనక ఒక మనిషి ఉంటాడు. ఎవరో ఒకరు అంటుతారు, లేదా అంటరు. దానికి 'రాదు' చేరిస్తే 'అంటరాదు' అవుతుంది. చెప్పరాదు, చేయరాదు లాగే ఇది నిషేధం. ఇంకా వాక్యమే కాబట్టి "అంటరాదని ఎవరన్నారు?" అని నిలదీయొచ్చు.

'రాదు' కాస్తా 'రాని'గా మారగానే క్రియ విశేషణమైపోతుంది, పక్కనున్న నామవాచకాన్ని పట్టుకుంటుంది. అంటరాని వాడు, అంటరాని వాడ. 'నేను తిన్న అన్నం' అన్నా, 'అన్నం తిన్న నేను' అన్నా 'తిన్న' మారదు. తిన్నదెవరో ఆ ముక్క ఒక్కటే చెప్పదు. 'అంటరాని' కూడా అంతే. అంటనిది ఎవరు అన్న సంగతి ఇక్కడే మాయమవుతుంది. నిషేధం పెట్టినవాడు పక్కకు తప్పుకుంటే, దాన్ని మోసేవాడే కనిపిస్తాడు.

చివరికి 'తనం' చేరి విశేషణాన్ని నామవాచకం చేస్తుంది. మంచితనం, సోమరితనం, పిసినారితనం చూడండి. 'తనం' ఎక్కువగా ఒక మనిషిలో ఉండే గుణానికి పేరు పెడుతుంది. పిసినారితనం పిసినారిది, సోమరితనం సోమరిది. మరి ఈ లెక్కన అంటరానితనం ఎవరిది? మాట వినగానే మనదే అన్నట్టు తోస్తుంది. నిజానికి అది మన గుణం కాదు, ముట్టనివాళ్లు చేసే పని.

పండితుల మాట 'అస్పృశ్యత' కూడా ఇదే దారిలో తయారైంది. 'స్పృశ్' అంటే తాకడం. 'య' చేరి స్పృశ్య, అంటే తాకదగిన. ముందు 'అ' చేరి తాకదగని. చివర 'త' చేరి నామవాచకం. ఇంగ్లిష్‌లో అన్‌టచబిలిటీ కూడా అంతే: అన్, టచ్, ఏబుల్, చివర ఇటీ. మూడు భాషల్లోనూ తాకనివాడు మాటలోంచి తప్పించుకున్నాడు.

దీనివల్ల జరిగే నష్టం మన ఊళ్లల్లోనే కనిపిస్తుంది. ప్రతి నెలా 30న జరపాల్సిన పౌరహక్కుల దినం సభలకు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నేను చాలాసార్లు వెళ్లాను. "మీ ఊర్ల అంటరానితనం ఉన్నదా?" అని అధికారి అడిగితే, "లేదు సార్" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. ఊరి పెద్దలు ఎదురుగా కూర్చున్నారన్న భయం ఒక కారణం. కానీ ప్రశ్న కూడా అలాంటిదే. నామవాచకంతో అడిగితే ఉంది, లేదు అన్న రెండే జవాబులు.

ఒకసారి సభ అయిపోయాక వాడలో కూర్చుని అదే ప్రశ్నను క్రియతో అడిగాం. "గుడి లోపలికి రానిస్తరా అవ్వా?" "ఏడ రానిస్తరు బిడ్డా, గడప కాడనే ఆపుతరు." "హోటల్ల చాయ్ ఎట్ల పోస్తరు?" "మాకు వేరే గిలాస పెడ్తరు. తాగి మేమే కడిగి పెట్టాలె." గంట కింద "లేదు" అన్నవాళ్లే ఈ జవాబులు చెప్పారు.

రానియ్యరు, ఆపుతరు, పెడ్తరు. ఆ మాటల చివరనున్న 'రు' చూడండి. చేసేవాళ్లు మనుషులు అని ఆ ఒక్క అక్షరం చెప్తుంది. వెంటనే "ఎవరు?" అన్న ప్రశ్న వస్తుంది. మన అవ్వల భాషలో నిందితుడికి చోటుంది.

అట్లని నామవాచకం పనికిరాదని కాదు. గిలాస, గుడి, బావి, అన్నీ ఒకే నేరమని చెప్పడానికి ఒక పేరు కావాలి. రాజ్యాంగం 17వ అధికరణ ఆ పేరుతోనే దాన్ని రద్దు చేసింది. కానీ అక్కడితో ఆగలేదు, ఏ రూపంలోనైనా దాన్ని 'ఆచరించడం' నిషేధమంది. ఆచరించడానికి ఆచరించేవాడు ఉండాలి కదా. 1955 చట్టం, అంటే ఇప్పటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 4వ సెక్షన్‌లో పనులను విడివిడిగా చెప్పింది: దుకాణంలోకి, హోటల్లోకి రానివ్వకపోవడం, అక్కడి పాత్రలు వాడనివ్వకపోవడం, నీళ్లు తోడుకోనివ్వకపోవడం.

'దళిత' మాట ఇంకో దారిలో తయారైంది. 'దళ్' అంటే చీల్చడం, నలగ్గొట్టడం. చివరనున్నది 'య' కాదు, 'ఇత'. పూజ్య అంటే పూజించదగిన. పూజిత అంటే పూజలందుకున్న. 'య' తగునా తగదా అని తీర్పు చెప్తుంది, 'ఇత' జరిగిపోయిన పనిని చెప్తుంది. అస్పృశ్యుడు అంటే తాకదగనివాడు, దళితుడు అంటే నలగ్గొట్టబడినవాడు. నలగ్గొట్టిందెవరు అన్న ప్రశ్న రెండో మాటలో మిగిలే ఉంది.

కాబట్టి ఫిర్యాదు రాసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. "మా గ్రామంలో అంటరానితనం ఉన్నది" అని రాసి ఊరుకోవద్దు. ఫలానా తేదీన, ఫలానా హోటల్లో, ఫలానా వ్యక్తి మాకు వేరే గ్లాసులో చాయ్ పోశాడు అని రాయండి. వాక్యం క్రియతో ముగియాలి, కర్త పేరు అందులో ఉండాలి.