పంపు వేడెక్కింది, మరి q మైనస్ ఎందుకు?

పోయిన ఆదివారం మన సంఘం హాలులో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయికి నేను తప్పు చెప్పాను.

ఐడియల్ గ్యాస్‌ను ఐసోథర్మల్‌గా నొక్కితే q గుర్తు ఏమిటని ప్రశ్న. సైకిల్ పంపు నొక్కితే వేడెక్కుతుంది కదా, ప్లస్ అన్నాను. మాక్ టెస్టులో తను అదే పెట్టింది. 4 మార్కులు రాలేదు, పైగా 1 పోయింది. "టెంపరేచర్ మారలేదంటే మనం పెట్టిన శక్తి ఎక్కడికి పోయింది మామా?" అని అడిగింది.

బయటికే పోయింది. 300 K దగ్గర ఒక మోల్ గ్యాస్‌ను చాలా నెమ్మదిగా సగానికి నొక్కితే మనం చేసే పని సుమారు 1,729 జౌల్స్. లోపలి శక్తి మారదు కనుక అదంతా వేడిగా బయటికి రావాలి. అందుకే q మైనస్.

పంపు సంగతి వేరు. గబుక్కున నొక్కితే వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు, q దాదాపు సున్నా. గాలి వేడెక్కింది మన చేతి పనివల్లే, బయటినుంచి వేడి వచ్చి కాదు. ఆ పని లోపలికి వెళ్తోంది కాబట్టి, మూతి వేలితో మూసినా, పంపులోని గాలి ఐసోలేటెడ్ కాదు, క్లోజ్డ్ సిస్టమే.

ఈ ఆదివారం పంపు తెస్తాను. ముందు ఆ అమ్మాయికే ఇస్తాను.