మావయ్య వీడ్కోలు ప్రసంగం

పిల్లలూ, మన ఊళ్లలో ప్రభుత్వ బడి టీచర్లు రిటైర్ అయ్యేది నెల ఆఖరి రోజున. ఆ రోజు బడిలో ఒక సభ పెడతారు. దాన్ని వీడ్కోలు సభ అంటారు. బడి ఆవరణలో షామియానా వేస్తారు. పెద్దవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి రిటైర్ అయ్యే వారికి దండ వేస్తారు, శాలువా కప్పుతారు, నాలుగు మంచి మాటలు చెబుతారు. అందరూ అయ్యాక చివర్లో ఆయన మాట్లాడాలి. అప్పటికి ఎండ ముదిరిపోతుంది, పిల్లలకి ఆకలేస్తూ ఉంటుంది. అందుకే ఆ చివరి ప్రసంగం రాయడం అంత తేలిక కాదు.

మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, కృష్ణా జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరు. నేను బి.ఎడ్. చదివాను కదా, అందుకని రిటైర్ అయ్యే ముందు తన ప్రసంగం నాకు వాట్సాప్‌లో పంపి, "ఒకసారి చూడమ్మా" అన్నారు. అది ఇలా ఉంది:

"గౌరవనీయులైన సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, ఉపాధ్యాయులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్సుమాంజలులు. నా ముప్పది నాలుగు సంవత్సరముల ఉద్యోగ జీవితమున విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికై అహర్నిశలు కృషి సల్పితిని. నాకు సహకరించిన ప్రతి ఒక్కరికీ పేరు పేరునా కృతజ్ఞతలు తెలుపుకొనుచున్నాను."

సర్వతోముఖాభివృద్ధి అంటే అన్ని రకాలుగా ఎదగడం. అహర్నిశలు అంటే రాత్రింబవళ్లు. కృషి సల్పితిని అంటే కష్టపడ్డాను. ఇందులో తప్పు ఒక్కటీ లేదు. కానీ ఏ ఊరి హెడ్మాస్టరైనా ఇదే కాగితం తీసుకుని చదివేయొచ్చు. "పేరు పేరునా" అని ఉంది చూశారా? కాగితం మొత్తం వెతికినా ఒక్క పేరు లేదు!

"సల్పితిని" లాంటి మాటలు గ్రాంథిక భాషవి. వందేళ్ల కిందట బడి పుస్తకాలు ఎక్కువగా ఆ భాషలోనే ఉండేవి. అలా కాదు, మనం మాట్లాడుకునే తెలుగులోనే రాయాలి అని పోరాడిన గిడుగు రామమూర్తి గారు కూడా ఒక టీచరే. ఆయన పుట్టిన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. అయినా మైకు ముందుకి వచ్చేసరికి చాలామందికి ఆ పాత భాషే నోటికొస్తుంది.

ఆ రాత్రి ఫోన్ చేశాను. మాకు తొమ్మిదిన్నర, వాళ్లకి మర్నాడు పొద్దున్న ఎనిమిది.

"మావయ్యా, మీరు ఇంట్లో ఎప్పుడైనా 'సల్పితిని' అన్నారా?"

ఆయన నవ్వారు. "సభలో అలాగే అనాలమ్మా. మామూలుగా మాట్లాడితే నాకు గొంతు పట్టేస్తుంది. పిల్లల ముందు హెడ్మాస్టరు ఏడిస్తే ఏం బావుంటుంది?"

అప్పుడు తెలిసింది నాకు. ఆయన ఆ పెద్ద పెద్ద మాటల వెనక దాక్కుంటున్నారు. కానీ మావయ్య బడిలో చాలా స్ట్రిక్ట్. ఆయన చెప్పుల చప్పుడు వింటే వరండా ఖాళీ అయిపోతుంది. ఆయనకి తామంటే ఇష్టమని ఆ పిల్లలకి తెలియాలంటే ఇక మిగిలింది ఆ ఒక్క రోజే. ఆ మాటే చెప్పాను. మావయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, ఎలా మార్చాలో చెప్పు" అన్నారు.

ఒక్కో పెద్ద మాట దగ్గర ఆగి మూడు ప్రశ్నలు అడిగాను: ఎవరు? ఎప్పుడు? ఏమన్నారు? "సర్వతోముఖాభివృద్ధి అంటున్నారు కదా, ఎవరిది మావయ్యా?" అంటే చాలాసేపు ఆలోచించి ఒక కుర్రాడి సంగతి చెప్పారు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను:

"నేను ఈ బడికి వచ్చిన కొత్తలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు రోజూ ప్రేయర్ అయిపోయాక వచ్చేవాడు. రోజూ గేటు దగ్గర నిలబెట్టేవాణ్ణి. ఎందుకురా లేటు అంటే తల దించుకునేవాడు. ఒకరోజు పొద్దున్నే పాల కేంద్రం మీదుగా వస్తుంటే లైన్లో వాడు కనిపించాడు, చేతిలో పాల క్యాను. వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదు. గేదె పాలు పితికి, కేంద్రంలో పోసి, అప్పుడు బడికొస్తున్నాడు. నేను ఇన్నాళ్లూ నిలబెట్టింది బద్ధకస్తుణ్ణి కాదు, నాకన్నా ముందు నిద్ర లేచినవాణ్ణి. కేంద్రం ఆయనతో చెప్పి వాడి పాలు ముందు పోయించాను. బడి గంట కొట్టే పని వాడికే ఇచ్చాను. ఆ తర్వాత వాడెప్పుడూ లేటు కాలేదు. ఎలా అవుతాడు? వాడొచ్చి గంట కొడితేనే కదా బడి మొదలయ్యేది! అప్పట్నుంచీ ఎవరు లేటుగా వచ్చినా ముందు 'టిఫిన్ తిన్నావా?' అని అడగడం నేర్చుకున్నాను."

ఇందులో అభివృద్ధి అన్న మాట లేదు. అయినా ఎదిగింది ఎవరో మీకు తెలిసిపోతుంది. కుర్రాడే కాదు, హెడ్మాస్టరు కూడా ఎదిగారు.

ఇక మావయ్యకి హుషారు వచ్చేసింది. ఇంకో నాలుగు కథలు పంపారు. అన్నీ పైకి చదివి చూసుకుంటే ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఎండలో కూర్చున్న పిల్లలు అంతసేపు వినలేరు. అందుకని ఏవి తీసేయాలో చూశాం. రెండు కథల్లో మావయ్యే హీరో, ఆయన చేసిందే రైటు. వింటుంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంది. అవి తీసేశాం. ఇంకోటి ఒక అబ్బాయి పరీక్షలో రాసిన తప్పు జవాబు గురించి. నవ్వొచ్చే కథే, కానీ ఆ అబ్బాయి ఇప్పుడు పదో తరగతిలో ఉన్నాడు, అక్కడే కూర్చుని ఉంటాడు. అదీ తీసేశాం. నాలుగోది బాగానే ఉంది, కానీ టైము లేదు. పాల క్యాను కుర్రాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. అతనికి ఫోన్ చేసి, నీ కథ చెప్పనా అని అడిగాకే దాన్ని ఉంచారు.

"పేరు పేరునా" అన్నచోట నిజంగానే పేర్లు రాశాం, ఒక్కొక్కరి పక్కన వాళ్లు చేసిన పని ఒకటి. అన్నం చాలలేదంటే విసుక్కోకుండా మళ్లీ ఎసరు పెట్టే వంటమ్మ. పాము కనిపిస్తే అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చే వాచ్‌మన్.

పాతదాంట్లో ఒక్క వాక్యం మాత్రం అలాగే ఉంచాం: పెద్దలకి నమస్కారం చెప్పే మొదటి వాక్యం. అది లేకపోతే వేదిక మీద ఉన్నవాళ్లు నొచ్చుకుంటారు. సభ మర్యాద అది.

మరి గొంతు పట్టేస్తే? దానికీ ఒక ఉపాయం చేశాం. కష్టమైన మాటలు చిన్న చిన్న వాక్యాలుగా విడగొట్టాం. వాటికి ముందు "గంట కొడితేనే కదా" లాంటి నవ్వొచ్చే మాట పెట్టాం. పిల్లలు నవ్వేలోపు ఆయన రెండు గుక్కలు మంచినీళ్లు తాగొచ్చు.

సభ రోజు అత్తయ్య వీడియో తీసి పంపింది. ప్రసంగం ఎనిమిది నిమిషాలు. మావయ్య నీళ్లు రెండుసార్లు తాగారు. చివర్లో, "పిల్లలూ, ఇన్నేళ్లూ మీకు లాంగ్ బెల్ కొట్టించాను. ఈ రోజు లాంగ్ బెల్ నాకు" అన్నారు. లాంగ్ బెల్ అంటే సాయంత్రం ఇంటికి పంపే గంట. ఆ మాట దగ్గర మాత్రం గొంతు వణికింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఆడపిల్లలు కళ్లు తుడుచుకున్నారు. ఆరో తరగతి పిల్లాడొకడు లేచి నిలబడి, "సార్, టిఫిన్ తిన్నారా?" అని అరిచాడు.

ఇప్పుడు మీ వంతు. ఈ వాక్యాన్ని మూడు ప్రశ్నలతో మార్చండి: "మా అమ్మమ్మ నా పట్ల మిక్కిలి ప్రేమాభిమానములు చూపుచుండును." ఎవరు అన్నది తెలిసిపోయింది. ఎప్పుడు, ఏమన్నారు అన్నవి మీరే రాయాలి.