గోడవారగా నిలబడ్డవాళ్ళు

2017 సెప్టెంబరులో అమెరికాలోని ఒక బడిలో జరిగిన సంగతి ఇది. కొలరాడో స్ప్రింగ్స్‌లో అమెరికా వైమానిక దళానికి అకాడమీ ఉంది. అకాడమీలో చేరడానికి ఇంకొంచెం చదువు కావలసిన పిల్లల్ని పది నెలలపాటు తీర్చిదిద్దే ప్రిపరేటరీ స్కూలు కూడా అక్కడే ఉంది. ఆ స్కూలు హాస్టల్లో గదుల బయట కబుర్లు రాసిపెట్టుకునే బోర్డులుంటాయి. ఒకరోజు ఐదుగురు నల్లజాతి విద్యార్థుల గదుల బయటి బోర్డుల మీద వాళ్ళ రంగును తిడుతూ ఇంటికి పొమ్మనే రాతలు కనబడ్డాయి. వాటిని ఒక కుర్రవాడి తల్లి ఫేస్‌బుక్‌లో పెట్టింది. దేశమంతా తెలిసిపోయింది.

అకాడమీకి అప్పటి అధిపతి లెఫ్టినెంట్ జనరల్ జే సిల్వేరియా. ఆ పదవిలోకి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆయన సుమారు నాలుగు వేలమంది క్యాడెట్లను ఒక హాల్లోకి పిలిపించి ఐదు నిమిషాలు మాట్లాడాడు. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. బడి అసెంబ్లీలో సమానత్వం గురించి మాట్లాడవలసిన వాళ్ళు ఎవరైనా ముందుగా దాన్ని చూడాలని నా కోరిక. ఆయన గొప్ప వక్త అని కాదు. మన బడుల్లో ఇలాంటి సందర్భాల్లో మనం వదిలేసేవన్నీ ఆయన చేశాడని.

ముందుగా జరిగినదాన్ని జరిగినట్టు చెప్పాడు. వినని వాళ్ళుంటే వినండి, ప్రిపరేటరీ స్కూల్లో కొందరు నల్లజాతి పిల్లలను ఉద్దేశించి జాతిద్వేషపు రాతలు రాశారు అన్నాడు. 'ఈమధ్య కొన్ని అవాంఛనీయ సంఘటనలు' అంటూ నీళ్ళు నమల్లేదు. ఆ మాటలు వింటే మీకు ఒళ్ళు మండాలి, సైనికులుగానే కాదు, మనుషులుగా మండాలి అన్నాడు. దేశంలో ఏం జరుగుతోందో కూడా దాచలేదు. అంతకు నెల ముందు షార్లట్స్‌విల్‌లో తెల్లజాతి ఆధిక్యవాదుల ఊరేగింపు జరిగింది, మనిషి ప్రాణం పోయింది. 2014లో ఫెర్గసన్‌లో పోలీసు కాల్పుల్లో ఒక నల్లజాతి యువకుడు చనిపోయి ఊరు భగ్గుమంది. ఫుట్‌బాల్ ఆటగాళ్ళు జాతీయగీతం వేళ మోకాలు వంచి నిరసన తెలుపుతున్నారు. ఇవన్నీ బయట జరుగుతుంటే మనం ఈ సంగతి మాట్లాడుకోనక్కర్లేదనుకోవడం అమాయకత్వం అన్నాడు.

చివర్లో వరసగా చెప్పాడు. వేరే రంగువాళ్ళను, వేరే జాతివాళ్ళను గౌరవంగా చూడలేకపోతే ఇక్కడినుంచి వెళ్ళిపోండి. ఆడైనా మగైనా అవతలివాళ్ళను గౌరవించలేకపోతే వెళ్ళిపోండి. ఎవరినైనా ఏ రకంగానైనా కించపరిచేవాళ్ళు వెళ్ళిపోండి. ఇంకా, మీ ఫోన్లు బయటికి తీయండి, ఈ మాటలు రికార్డు చేసుకోండి, అవసరమైనప్పుడు వాడుకోండి అన్నాడు. అంటే రేపు తానే మాట తప్పినా పిల్లల దగ్గర సాక్ష్యం ఉండాలన్నమాట.

ఇవన్నీ పత్రికల్లో వచ్చాయి. నా మనసులో నిలిచిపోయింది మాత్రం పత్రికలు అంతగా పట్టించుకోని సంగతి ఒకటి. ఆ హాల్లో ఉన్నది పిల్లలు మాత్రమే కాదు. అకాడమీలో పనిచేసే పదిహేనువందలమంది సిబ్బందిని కూడా ఆయన రప్పించాడు. చదువు చెప్పేవాళ్ళు, ఆటలు నేర్పే కోచ్‌లు, విమానాల రన్‌వే దగ్గర పనిచేసేవాళ్ళు, తన కింది అధికారులు. అద్దాల గోడల వెంబడి వాళ్ళు బారుగా నిలబడ్డారు. ఆయన వాళ్ళను పిల్లలకు చూపించాడు. మాటలు వాళ్ళకూ వర్తిస్తాయని, వాళ్ళూ అంతే బాధ్యులని వేరే చెప్పనక్కర్లేకుండా.

మన దగ్గర అసెంబ్లీ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. బెల్లు కొడతారు, తరగతులవారీగా వరసలు కడతారు, ప్రార్థన, ఆ తరవాత చెయ్యి చాచి ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞ రాసింది మనవాడే. నల్గొండ జిల్లా అన్నేపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు, 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న రోజుల్లో రాశారు. అందరూ సోదరులన్న మాట, అందరితో మర్యాదగా ఉండాలన్న మాట అందులోనే ఉన్నాయి. ఇప్పుడది దేశమంతా ప్రతి ఉదయం పిల్లల నోట వినిపిస్తుంది. సమానంగా ఉండండి అనే మామూలు మాట మన పిల్లలు రోజూ పలుకుతూనే ఉన్నారు. ఇంకొకరు మైకు పట్టుకుని అదే మాటను ఇంకాస్త పెంచి చెబితే కొత్తగా అందేదేమీ లేదు. అసెంబ్లీలో చెప్పవలసింది ప్రతిజ్ఞలో లేనిది, ఈ బడిలో, ఈ వారంలో జరిగినది.

ఏం జరుగుతుంది మన బడుల్లో? ఎక్కువగా బోర్డుల మీద రాయరు. నోటితోనే అంటారు. నల్లగా ఉన్న పిల్లవాడికి 'కర్రోడు' అని పేరు పడితే పది పూర్తయ్యేదాకా అదే పేరు. 'కరెంటు పోతే నువ్వు కనబడవురా, పళ్ళు ఇకిలించు' అంటే తరగతంతా నవ్వుతుంది, వాడూ నవ్వుతాడు. వాడు నవ్వుతున్నాడు కాబట్టి వాడికి బాధ లేదని అందరూ తేల్చేసుకుంటారు. నిజానికి ఆ నవ్వు, నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారన్న భయంతో వాడు కట్టే రుసుము. ఆ పిల్లవాడు గ్రూపు ఫోటోలో ఎప్పుడూ వెనక వరసలో సగం ముఖం దాచుకుని ఎందుకుంటాడో గమనించిన టీచరుకు సంగతి ఇట్టే తెలిసిపోతుంది.

అయితే పిల్లలకు ఇది ఎవరు నేర్పారు? పంద్రాగస్టు కార్యక్రమానికి భరతమాత వేషం ఎవరికిస్తున్నారో చూడండి. నేను చూసిన బడుల్లో ఆ వేషం దాదాపు ఎప్పుడూ తరగతిలోకెల్లా తెల్లగా ఉన్న అమ్మాయికే వెళ్ళింది. నృత్యంలో ముందు వరస తెల్లపిల్లలకు, వెనక వరస మిగతావాళ్ళకు. ఎవరూ ఆ మాట బయటికి అనరు. 'ఈ డ్రెస్సు దీనికి నప్పుతుంది' అంటారు. ఎంతో బాగా నాట్యం చేసే నల్లపిల్ల వెనక నిలబడి, తనకంటే అడుగులు తక్కువ వచ్చిన పిల్ల వీపు చూస్తూ ఆడుతుంది. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడితే ఆ పిల్లకు కారణం అర్థమవుతుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎంపిక చేసింది తోటి పిల్లలు కాదు, మనం.

కులం సంగతీ అంతే. ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పు దరఖాస్తులు వచ్చినప్పుడు ఒక బడిలో నేను కళ్ళారా చూశాను. టీచరు తరగతిలోకి వచ్చి 'ఎస్సీ పిల్లలు లేవండి, కుల ధ్రువీకరణ పత్రం ఎవరెవరు తెచ్చారు' అని అడిగారు. ఎనిమిదిమంది లేచారు. మిగతావాళ్ళు తలలు తిప్పి చూశారు. ఒక అబ్బాయి లేవలేదు. రెండోసారి పిలిస్తే పక్కవాడు మోచేత్తో పొడిచాడు, అప్పుడు లేచాడు, తల దించుకుని. ఆ ఉదయమే అసెంబ్లీలో అందరూ సమానమేనని ఉపన్యాసం విన్నారు ఆ పిల్లలు. ఆ టీచరు చెడ్డమనిషి కాదు, దరఖాస్తులు గడువులోగా వెళ్ళాలన్న తొందర ఆవిడది. కాని ఆ వివరం ఆఫీసు గదిలో అడ్మిషన్ రిజిస్టరులో ఉంది. దాన్ని చూసి పేర్లు రాసుకుని, ఒక్కొక్కరినీ స్టాఫ్ రూముకు పిలిచి అడగవచ్చు. తల్లిదండ్రుల సమావేశంలో వాళ్ళతోనే మాట్లాడవచ్చు. ఒక పీరియడు ఎక్కువ పడుతుందేమో, అంతే.

అందుకే గోడవారగా సిబ్బందిని నిలబెట్టడం నాకు అంత ముఖ్యంగా తోస్తుంది. మన అసెంబ్లీలోనూ టీచర్లు పిల్లలకు ఎదురుగా ప్రధానోపాధ్యాయుడి పక్కనే నిలబడతారు. మాట మాత్రం వాళ్ళ మీదుగా పిల్లల మీదికి వెళ్ళిపోతుంది. వాళ్ళు వినేవాళ్ళలో లేరు, చెప్పేవాళ్ళ పక్షాన ఉన్నారు. ఒక్కసారి ప్రధానోపాధ్యాయుడు మైకులో 'ఇకమీదట ఏ తరగతిలోనూ కులం పేరుతో ఎవరినీ లేపి నిలబెట్టం. ఎవరైనా అలా లేపితే నా గదికి వచ్చి చెప్పండి' అని పిల్లల ఎదుటే అంటే చాలు, ఆ ఉపన్యాసం మిగతావాటికంటే వేరే అని ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుస్తుంది.

సిల్వేరియా కథ సెప్టెంబరుతో ముగియలేదు. నవంబరులో అకాడమీ విచారణ ఫలితం బయటపెట్టింది. ఆ రాతలు రాసింది, ఆ ఐదుగురిలో ఒకడేనట. తిట్టు తిన్నాడనుకున్న విద్యార్థే ఆ పని చేశాడని తేలింది. అతను ఇక ఆ స్కూల్లో లేడు. చాలామంది ఆ ఉపన్యాసాన్ని ఎద్దేవా చేశారు, లేనిపోని దానికి ఇంత హడావుడా అన్నారు. సిల్వేరియా వెనక్కి తగ్గలేదు. ఎవరు ఎందుకు రాసినా ఆ మాటలు రాశారన్నది నిజం, వాటికి జవాబు చెప్పవలసిందే అన్నాడు.

ఆ నిలకడ ఆయనకు ఎక్కడిదంటే, ఉపన్యాసంలోనే ఉంది. ఆయన ఏ తెల్లకుర్రవాడినీ దోషి అనలేదు. ఫలానావాళ్ళు రాసి ఉంటారని సైగ కూడా చెయ్యలేదు. రాసినవాడిని పట్టుకునే పని విచారణకు వదిలి, తాను హాల్లో ఉన్న అందరికీ వర్తించే గీత ఒకటి గీశాడు. ఊహించిన దోషిమీద కోపంతో మాట్లాడి ఉంటే, నవంబరులో ఆ ఉపన్యాసం కుప్పకూలేది. మన బడిలోనూ ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫిర్యాదు రాగానే అసెంబ్లీలో ఒక పిల్లవాడిని ముందుకు పిలిచి బుద్ధి చెప్పడం మనకు అలవాటు. నిజానిజాలు తేలకముందే వాడు వందలమంది ముందు దోషి అయిపోతాడు. అన్యాయానికి మందు ఇంకో అన్యాయం కాకూడదు కదా.

ఆయన మాటల్లో మనం తీసుకోకూడనిదీ ఒకటుంది, 'వెళ్ళిపోండి' అన్నది. అక్కడివాళ్ళు వయసొచ్చినవాళ్ళు, తమంతట తాము సైన్యం కోరుకుని వచ్చినవాళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి పిల్లవాణ్ణి బడినుంచి పొమ్మనే హక్కు మనకు లేదు, ఉండకూడదు కూడా. వాడు ఆ మాట ఇంట్లో విన్నాడు, సినిమాలో విన్నాడు, ఇప్పుడు మన దగ్గర అన్నాడు. వాడు మారవలసిన చోటు బడే. కాబట్టి మన అసెంబ్లీలో 'వెళ్ళిపో' బదులు ఏం చెప్పాలో నిర్ణయించుకోవాలి. నాకైతే ఇలా అనిపిస్తుంది. ఆ మాట అన్నవాణ్ణి మర్నాడు అందరిముందు కాకుండా, క్లాస్ టీచరు విడిగా కూర్చోబెట్టుకోవాలి. అనిపించుకున్న పిల్లవాడితో ముందుగా మాట్లాడాలి, వాడికి ఏం కావాలో వాణ్ణే అడగాలి, ఎందుకంటే చాలాసార్లు వాడు కోరేది క్షమాపణ కాదు, ఆ పేరుతో పిలవడం ఆగిపోవడం. ఆ పేరు టీచర్ల నోట కూడా వస్తుంటే ముందు అక్కడ ఆగాలి.

ఈసారి పంద్రాగస్టుకు వేషాల జాబితా రాసే రోజున, ప్రధానోపాధ్యాయుడు ఆ టీచరుతో ఒక మాట అనవచ్చు: 'ముందు అడుగులు చూడండి, డైలాగు చెప్పించి చూడండి, ఆ తరవాతే పేరు రాయండి'. ఉపన్యాసం ఆగస్టు పదిహేనున కాదు, ఆ జాబితా తయారయ్యే వారంలో పెట్టాలి.