హళ్ళిలో హల్లి

బెంగళూరులో మా ఇంటి దగ్గరి బడిలో మూడో తరగతి పిల్లల ఆటకి కన్నడంలో నాలుక తిరగని వాక్యాలూ, ఒగటులూ (అంటే మన పొడుపు కథలు) రాస్తున్నాను. తెలుగువాడికిది సగం తెలిసిన భాషే. మన 'ప' అక్కడ చాలా మాటల్లో 'హ' అయిపోయింది: పులి హులి, పాలు హాలు, పల్లె హళ్ళి.

పల్లె హళ్ళి, బల్లి హల్లి, పన్ను హల్లు. ఇంకేం, వాక్యం రెడీ:

"హళ్ళియ హల్లిగె హల్లిల్ల, హళ్ళద హల్లిగె హల్లుంటు."

పల్లెలో బల్లికి పళ్ళు లేవు, వాగులో బల్లికి ఉన్నాయి! నెమ్మదిగా అందరూ చెప్పేస్తారు. మూడోసారి వేగంగా అనమంటే ళ, ల కలిసిపోతాయి. పల్లె కాస్తా బల్లి అవుతుంది. అర్థం మారింది కాబట్టి తప్పు పిల్లలే పట్టేస్తారు, టీచరు చెప్పక్కర్లేదు.

ఒగటుకి మాత్రం టెస్టింగ్ కావాలండోయ్. "హల్లుంటు, కచ్చువుదిల్ల" (పళ్ళున్నాయి, కరవదు) అంటే జవాబు బాచణిగె, మన దువ్వెన. కానీ రంపానికీ పళ్ళుంటాయిగా! ఎవడో ఒకడు "గరగస" అని అరుస్తాడు, వాడిదీ రైటే. "తలెయ మేలె ఓడాడుత్తె" (తల మీద తిరుగుతుంది) అని కలిపితే రంపం తప్పుకుంటుంది. ఇలా రెండో జవాబు దొరికినప్పుడల్లా ఇంకో క్లూ. జవాబు ఒక్కటే మిగిలాకే రిలీజు.